పెళ్లి మాట ఎత్తగానే బిగుసుకుపోతున్నాను, ముందు ఏం చేయాలి?

వయసు 32, బెంగళూరులో ఉద్యోగం. నాలుగేళ్లుగా ఒకమ్మాయి, నేను ప్రేమించుకుంటున్నాం. వాళ్లింట్లో ఒప్పుకున్నారు. మా ఇంట్లో నేనింకా చెప్పలేదు.

పోయిన నెల మల్లేశ్వరంలో ఫ్రెండ్ పెళ్లి. జీలకర్ర బెల్లం వేళకి తను నా చేతిలో అక్షింతలు పోసి, "మనదెప్పుడు?" అంది. ఫోనొచ్చిందని చెప్పి బయటికి వచ్చేశాను. ఫోనేం రాలేదు. ముందు అప్రైజల్ అయ్యాక అన్నాను, తర్వాత చెల్లి పెళ్లయ్యాక అన్నాను. రెండూ అయిపోయాయి. అడ్డం ఏమీ లేదని, తప్పించుకుంటున్నది నేనేనని అక్కడ స్పష్టంగా తెలిసింది.

తనంటే ఇష్టం లేక కాదు. తను హైదరాబాద్ వెళ్లిపోతుందేమో అనుకుంటే నిద్ర పట్టదు. కానీ తేదీ, ముహూర్తం అన్న మాట వినగానే గుండె దడ, కడుపులో తిప్పుతుంది. "తర్వాత చూద్దాం" అన్న పది నిమిషాలకే అంతా సర్దుకుంటుంది. ఆ హాయి కోసమే ప్రతిసారీ వాయిదా వేస్తున్నానని నా అనుమానం.

ఉగాదికి ఊళ్లో నాన్నకి చెప్పాలని వెళ్లాను, పొలం కబుర్లతోనే తిరిగొచ్చాను. అమ్మకి మెసేజ్ టైప్ చేసి చెరిపేశాను. తనతో మాట్లాడబోతే మాట ఆఫీసు మీదకి మళ్లిస్తున్నాను. ఆగస్టు దాకా ఆగుతానంది, అది న్యాయమే.

ఇలాంటి భయం దాటి పెళ్లి చేసుకున్నవాళ్లు చెప్పండి: ముందు ఈ భయం సంగతి ఆ అమ్మాయికే ఉన్నదున్నట్టు చెప్పారా, లేక కౌన్సెలర్‌ని కలిశాకే మాట్లాడారా?