డెర్మటాలజిస్టుకి ఇచ్చే ఉత్తరం ఇది, ఏమైనా వదిలేశానా?

పద్మ_నరసరావుపేట: మా అమ్మాయికి 17 ఏళ్లు, ఇంటర్ రెండో సంవత్సరం. వచ్చే వారం కొత్త డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం. లోపలికి వెళ్లాక అన్నీ గుర్తుకు రావు కాబట్టి రాసి ఇద్దామనుకుంటున్నాను. చదివి చెప్పండి.

"డాక్టరుగారికి నమస్కారం. మా అమ్మాయికి తొమ్మిదో తరగతి నుంచి మొటిమలు ఉన్నాయి. బుగ్గల మీద, గడ్డం మీద పెద్దవి వస్తాయి, ముట్టుకుంటే నొప్పి, తగ్గాక గుంటలు పడుతున్నాయి. క్లిండమైసిన్ జెల్ రాశాం, లాభం లేదు. డాక్సీసైక్లిన్ వేస్తే కడుపులో మంట. అడాపలీన్ రాస్తే పొట్టు లేచింది, ఆపేశాం. మెడికల్ షాపులో ఇచ్చిన క్రీముతో వారంలో తగ్గింది, మానేస్తే మళ్లీ వచ్చింది. అన్నీ వాడాం. శాశ్వతంగా పోయే మందు రాయండి."

కౌంటర్_వెనక: పద్మగారూ, "అన్నీ వాడాం" అనే మాట తీసేయండి. ఆ మాట చూస్తే డాక్టరు ఈ మందులన్నీ పూర్తిగా వాడి ఓడిపోయాయనుకుంటారు. ఒక్కో మందుకి నాలుగు సంగతులు రాయండి: పేరు, ఎంత శాతం, ఎన్ని వారాలు, ఎందుకు ఆపారు. అడాపలీన్ ఫలితం తెలియడానికి 8 నుంచి 12 వారాలు పడుతుంది. మొదటి వారాల్లో పొట్టు లేవడం, మొటిమలు కాస్త పెరగడం మామూలే. పది రోజులకే ఆపితే అది పనిచేయలేదని కాదు, తట్టుకోలేకపోయిందని రాయాలి. రోజూ రాశారా, రోజు మార్చి రోజు రాశారా, మొహమంతటికీ బఠాణీ గింజంత తీసుకున్నారా, లేక మొటిమ ఉన్నచోట దట్టంగా పూశారా, అదీ రాయండి.

డాక్సీసైక్లిన్ కూడా అంతే. తిన్నాక, నిండు గ్లాసు నీళ్లతో వేసుకుని వెంటనే పడుకోకుండా ఉంటే చాలామందికి మంట తగ్గుతుంది. పరగడుపున వేసిందా, పడుకునే ముందు వేసిందా చెబితే ఆ మందును పక్కన పెట్టాలో వద్దో డాక్టరు తేల్చుకుంటారు.

అన్నిటికంటే ముఖ్యం షాపు క్రీము. ట్యూబు దొరికితే వెనక ఏముందో చదివి పెట్టండి.

లక్ష్మి_వైజాగ్: మా చెల్లికి మొటిమలు తగ్గాక మచ్చలు మిగిలాయి. వాటికి ఏ లేజర్ మంచిదో ఎవరైనా చెప్తారా?

శ్రీను_కేపీహెచ్‌బీ: లక్ష్మిగారూ, కొత్తవి రావడం ఆగాకే మచ్చల సంగతి. పద్మగారూ, ఇదంతా ఎందుకండీ, నేరుగా ఐసోట్రెటినాయిన్ అడగండి. గుంటలు పడే రకానికి అదే మందు.

పద్మ_నరసరావుపేట: ట్యూబు దొరికింది. హైడ్రోక్వినోన్ 2%, ట్రెటినాయిన్ 0.025%, మొమెటాసోన్ 0.1% అని ఉంది. నాలుగు నెలలు రాత్రిపూట రాసింది. ఇప్పటికీ ఏదైనా ఫంక్షన్ ఉంటే రాస్తోంది.

కౌంటర్_వెనక: మొమెటాసోన్ స్టెరాయిడ్. ఎరుపు, వాపు వారంలో దిగిపోవడానికి కారణం అదే. మొటిమకి అసలు కారణం కింద అలాగే ఉంటుంది. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడుతుంది, సన్నని రక్తనాళాలు కనిపిస్తాయి, ఎండలోకి వెళ్తే మంట, ఒకే సైజులో చిన్న చిన్న ఎర్ర పొక్కులు. మానేస్తే ఒక్కసారిగా తిరగబెడుతుంది. ఇది చెప్పకపోతే డాక్టరు ఆ ఎర్రటి మొహం మీదే మళ్లీ అడాపలీన్ రాస్తారు, అమ్మాయి మంటతో రెండోసారీ ఆపేస్తుంది. చివరిసారి ఏ తేదీన రాసిందో రాయండి. ట్యూబు కూడా తీసుకెళ్లండి.

శ్రీను_కేపీహెచ్‌బీ: అయితే ఆ క్రీము ఈ రోజే మానేయాలి కదా?

డాక్టరమ్మ_రిటైర్డ్: ఈ విషయంలో డాక్టర్లందరిదీ ఒక మాట కాదు. కొందరు వెంటనే ఆపించి తిరగబెట్టినదానికి మందు ఇస్తారు. కొందరు తక్కువ బలమున్న స్టెరాయిడ్‌కి మార్చి మెల్లగా తగ్గిస్తారు. మొహం చూడకుండా నేను చెప్పను. ఫంక్షన్లకి మాత్రం రాయనివ్వకండి.

శ్రీనుగారూ, గుంటలు పడుతుంటే ఐసోట్రెటినాయిన్ ఆలోచించాల్సిందే, నిజం. కానీ డాక్సీసైక్లిన్‌తో కలిపి వాడకూడదు, తలలో ఒత్తిడి పెరిగే ప్రమాదం ఉంది. కొవ్వులు, లివర్ చూడటానికి రక్తపరీక్షలు కావాలి. గర్భంలో బిడ్డకు తీవ్రమైన లోపాలు తెస్తుంది కాబట్టి పెళ్లికాని అమ్మాయినైనా డాక్టరు ఆ ప్రశ్న అడుగుతారు. పద్మగారూ, ఆ అయిదు నిమిషాలు మీరు బయట కూర్చోండి. అది మీ పెంపకం మీద అనుమానం కాదు.

ఉత్తరంలో నెలసరి గురించి ఒక్క ముక్క లేదు. గడ్డం దగ్గర పెద్ద మొటిమలన్నారు కాబట్టి గత ఆరు నెలల తేదీలు రాయండి. గడ్డం మీద ముదురు వెంట్రుకలు వస్తున్నాయా, బరువు పెరిగిందా చెప్పండి. నెలసరి 35 రోజులు దాటి వస్తుంటే హార్మోన్ పరీక్షలు రాయొచ్చు.

లక్ష్మి_వైజాగ్: బీ12 ఇంజెక్షన్లు వేయించుకున్నా మొటిమలు వస్తాయంటారు, నిజమేనా?

డాక్టరమ్మ_రిటైర్డ్: కొందరికి వస్తాయి. అందుకే విటమిన్లు, జిమ్ పొడులు, ఆయుర్వేదం పేరుతో ఇచ్చినవి, అన్నీ ఉత్తరంలో ఉండాలి.

పద్మ_నరసరావుపేట: తేదీలు అమ్మాయినే అడిగి రాస్తున్నాను. "శాశ్వతంగా పోయే మందు" తీసేసి "గుంటలు పడకుండా ముందు ఏం చేయాలి" అని పెట్టాను. ఫొటోలు కూడా ఇవ్వాలా?

కౌంటర్_వెనక: ఇవ్వండి. బాగా ఎక్కువైన రోజు, కిటికీ వెలుతురులో, ఫిల్టర్ లేకుండా, రెండు బుగ్గలూ విడివిడిగా తీసినవి. షాపు క్రీముకి ముందువి ఫోన్లో ఉంటే అవి ఇంకా విలువైనవి.