కార్డు చివరి అంకె చూసి తప్పు పట్టడం: నమ్మొచ్చా?

అమలాపురం వెంకట్: మా కొబ్బరి ఉత్పత్తుల పేజీలో కార్డు నంబరు ఒక్క అంకె తప్పు కొట్టినా, బ్యాంకుకు పంపకముందే ఎర్రగా చూపిస్తోందండి. బ్యాంకునడక్కుండా దానికెలా తెలుస్తోంది? దాన్ని నమ్మొచ్చా?

తణుకు సుబ్బారావు: సులువేనండి. ముందున్న అంకెలన్నీ కూడి, పై పదికి ఎంత తక్కువైతే దాన్ని చివర పెడతారు.

భీమవరం లక్ష్మి: ఉట్టి కూడికైతే 27ని 72 అని కొట్టినా మొత్తం మారదు సుబ్బారావు గారూ. చివరి అంకెను పక్కనపెట్టి, దాని పక్కదానితో మొదలెట్టి కుడి నుంచి ఎడమకు ఒకటి విడిచి ఒకటి రెట్టింపు చేయాలి. 9 దాటితే 9 తీసేయాలి. చిన్న నంబరు 52709 తీసుకోండి. 9 రెట్టింపు 18, అంటే 9. తర్వాత 0 అలాగే. 7 రెట్టింపు 14, అంటే 5. 2 అలాగే. 5 రెట్టింపు 10, అంటే 1. మొత్తం 17, కాబట్టి చివర 3 వేస్తారు: 527093. ఇప్పుడు 2, 7 తారుమారై 572093 అయితే చివరి 3తో కలిపి 24 వస్తుంది. పదితో తెగదు, దొరికిపోయింది.

తణుకు సుబ్బారావు: 9 తీసేయడం దేనికండి? రెట్టింపు చేసి కూడితే చాలదా?

భీమవరం లక్ష్మి: చాలదు. 0 రెట్టింపు 0, 5 రెట్టింపు 10. మొత్తంలో చివరి అంకెకు రెండూ ఒకటే, 0 బదులు 5 కొట్టినా దాటిపోతుంది. 9 తీస్తే 5 కాస్తా 1 అవుతుంది. అప్పుడు ఏ రెండు అంకెలకూ ఒకే ఫలితం రాదు. ఒక్క అంకె తప్పు తప్పించుకోలేకపోవడానికి కారణం అదే.

నరసాపురం రొయ్యలు: అవన్నీ కబుర్లు. మేత డబ్బు ఖాతా నంబర్లో ఒక్క అంకె తేడాతో ఎవరికో పోయింది. ఏ లెక్కా ఆపలేదు.

భీమవరం లక్ష్మి: అది ఖాతా నంబరండి. ఈ లెక్క కార్డు నంబర్లది. బ్యాంకులన్నిటి ఖాతాలకూ ఇలాంటి ఉమ్మడి నియమం లేదు.

తణుకు సుబ్బారావు: మరి కార్డులోనైనా పూర్తిగా పడుతుందా? 527903 చూడండి, 0, 9 తారుమారైనా మొత్తం 17, చివర 3. దాటిపోయింది! 1954లో లూన్ అనే ఇంజినీరు పేటెంటుకు పెట్టిన ఈ లెక్క ఇంకా ఎందుకు మోస్తున్నారు? ఆధార్ నంబరు చివరి అంకెకు వాడే వెర్‌హోఫ్ పద్ధతి పక్కపక్క తారుమారులన్నీ పడుతుంది కదా!

భీమవరం లక్ష్మి: పడుతుంది, ఒప్పుకుంటాను. కానీ కార్డు లెక్క మార్చాలంటే ఇప్పటికే జనం చేతుల్లో ఉన్న కార్డుల్లో చాలావరకు తప్పవుతాయి. పక్క అంకెల తారుమారులో వదిలేది 09, 90 జంట ఒక్కటే. అది దాటినా బ్యాంకు దగ్గర గడువు తేదీ పొసగాలి.

నరసాపురం రొయ్యలు: అంటే దొంగ నంబరు పెడితే?

భీమవరం లక్ష్మి: ఈ లెక్క దొంగని పట్టదు, చేయి జారితే పడుతుంది. చివరి అంకె సరిపోయే నంబరు ఎవరైనా కూర్చుకోవచ్చు.

తణుకు సుబ్బారావు: అదేనండి నా గొడవ! "చెల్లదు" అని పేజీ తీర్పు చెప్తుంటే, కొనేవాళ్లు కార్డే పాడైందనుకుంటున్నారు.

భీమవరం లక్ష్మి: వెంకట్ గారూ, ఆ మాట తీసేసి "నంబరు మళ్లీ చూసుకోండి" అని పెట్టండి. పంపే మీట మాత్రం ఆపే ఉంచండి.

తణుకు సుబ్బారావు: ఆపడమెందుకు? హెచ్చరించి వదిలేయండి, బ్యాంకే చెప్తుంది.