నడుము కొలత ప్యాంటు దగ్గరా, పక్కటెముకల కిందా?

నాకు 46 ఏళ్లు, ఉండేది గుంటూరు బ్రాడీపేటలో. దర్జీ టేపుతో ప్యాంటు కట్టుకునే చోట నడుము కొలిస్తే 87 సెంటీమీటర్లు, పిరుదులు బాగా వెడల్పుగా ఉన్న చోట 98 వచ్చాయి. నడుము కొలతను పిరుదుల కొలతతో భాగిస్తే నిష్పత్తి 0.89. మగవాళ్లకు 0.90 నుంచే ఆరోగ్యానికి ముప్పు అంటారు కదా, గట్టెక్కానని సంబరపడ్డాను.

నర్సుగా పనిచేసే మా చెల్లెలు నవ్వింది. చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పైఅంచుకూ సరిగ్గా మధ్యలో టేపు చుట్టి, ఊపిరి మామూలుగా వదిలాక కొలిచింది: 94. అంటే 0.96! పొట్ట ప్యాంటు మీదుగా వేలాడుతోంది మరి.

అయితే ఆ చోటు నా బొడ్డుకు రెండు వేళ్లు పైన వస్తోంది. బొడ్డు దగ్గరైతే 96. ఏది నమ్మాలి? కొవ్వు పేగుల చుట్టూ చేరిందా, చర్మం కిందే ఉందా అన్నది ఈ నిష్పత్తి చెప్పగలదా, లేక చక్కెర, కొలెస్ట్రాల్ పరీక్షలూ చేయించుకోవాలా? తెలిసినవారు చెప్పగలరు.