క్రోమ్ మెమరీ భారం ట్యాబులదా, ఎక్స్‌టెన్షన్‌దా?

ప్రశ్న (తిరుపతి, నెట్ సెంటర్): మా కంప్యూటర్లలో 8 జీబీ ర్యామ్ ఉంది. దర్శనం, బస్సు, రైలు టికెట్ల కోసం ఇరవై ట్యాబులు తెరిచేసరికి మొరాయిస్తున్నాయి. ట్యాబులు తగ్గించాలా, ఎక్స్‌టెన్షన్లు తీసేయాలా?

చిత్తూరు, కంప్యూటర్ శిక్షకుడు: తప్పు ట్యాబులదేనండి. Shift+Esc నొక్కితే వచ్చే క్రోమ్ సొంత టాస్క్ మేనేజర్‌లో నా ఎక్స్‌టెన్షన్ వరుస 70 ఎంబీ దాటదు. వాడని ట్యాబులను మెమరీ నుంచి తీసేసే Memory Saver ఆన్ చేయండి, చాలు.

తిరుపతి, సాఫ్ట్‌వేర్ ఇంజనీరు: ఆ 70 ఎంబీని చూసి ఎక్స్‌టెన్షన్‌ను వదిలేయలేమండి. పేజీలను సవరించే ఎక్స్‌టెన్షన్ తన కోడ్‌లో కొంత భాగాన్ని ప్రతి పేజీలోకీ చొప్పిస్తుంది కాబట్టి, ఆ భాగం వాడే మెమరీ ఎక్స్‌టెన్షన్ ఖాతాలో కాక ఆయా ట్యాబుల ఖాతాలోనే పడుతుంది. ఒక్కో ట్యాబుకు 50 ఎంబీ అదనమైతే ఇరవై ట్యాబులకు 1 జీబీ అవుతుంది, కానీ పట్టికలో నింద ట్యాబులకే వస్తుంది.

Memory Saver మంచిదే గానీ, సగం నింపిన ఫారం ఉన్న ట్యాబును అది సాధారణంగా మెమరీ నుంచి తీసేయదు. నెట్ సెంటర్‌లో ఉండేవి అవే కదా!

ఆ టాస్క్ మేనేజర్‌లోనే Memory footprint శీర్షికపై నొక్కి పెద్దవాటిని పైకి తెచ్చి, అంకెలు రాసుకోండి. తర్వాత chrome://extensions లో ఒక్క ఎక్స్‌టెన్షన్‌ను ఆపి, ట్యాబులన్నీ రీలోడ్ చేసి మళ్ళీ చూడండి. రీలోడ్ చేయకపోతే ముందు చొప్పించిన కోడ్ అలాగే ఉండిపోవచ్చు. ఒకే సైటు ట్యాబులు కొన్నిసార్లు ఒకే ప్రాసెస్‌ను పంచుకుంటాయి, అక్కడ End process నొక్కితే అన్నీ కలిసి పడిపోతాయి, జాగ్రత్త.

చిత్తూరు, మామిడి వ్యాపారి: నా బాధ వేరు. క్రోమ్ మూసినా గడియారం పక్కన దాని గుర్తు అలాగే ఉంటోంది.

సాఫ్ట్‌వేర్ ఇంజనీరు: అది ఈ ప్రశ్న కాదు గానీ, సెట్టింగ్స్‌లోని System విభాగంలో మూసిన తర్వాత కూడా బ్యాక్‌గ్రౌండ్ యాప్‌లను నడిపే మీట ఉంటుంది, ఆపండి.

నెట్ సెంటర్: చూశానండి. కూపన్లు చూపే ఎక్స్‌టెన్షన్ వరుస 64 ఎంబీయే, కానీ దాన్ని ఆపి రీలోడ్ చేయగానే ఒక్కో ట్యాబు సుమారు 210 నుంచి 160కి దిగింది. అయితే పొద్దున్నుంచి తెరిచి ఉన్న ఒక ట్యాబు మాత్రం ఇప్పటికీ 900 దగ్గర ఉంది.

సాఫ్ట్‌వేర్ ఇంజనీరు: దాన్ని కూడా రీలోడ్ చేసి చూడండి. 200కి పడిపోయి గంటల్లో మళ్ళీ పెరిగితే, ఆ పేజీ పాత డేటాను మెమరీ నుంచి విడవడం లేదన్నమాట.

శిక్షకుడు: అయితే నేను చెప్పిందే నిజం, అది ట్యాబే కదా!

నెట్ సెంటర్: రీలోడ్ చేయగానే 190కి వచ్చింది. సాయంత్రానికి ఎంతవుతుందో చూసి రాస్తాను.