నెల మధ్యలో చేరితే జీతాన్ని 28తో భాగించాలా, 30తోనా?

కూకట్‌పల్లి_కొత్తగా
2026 ఫిబ్రవరి 16, సోమవారం కొత్త ఉద్యోగంలో చేరాను. నెల జీతం 45,000. పేస్లిప్‌లో `Paid Days: 13`, జీతం 19,500 అని వచ్చింది. 30తో భాగించారట. ఫిబ్రవరికి ఉన్నవే 28 రోజులు కదా, 30 ఎక్కడిది? హెచ్ఆర్‌ని అడిగితే "ఏడాది పొడుగునా మా పాలసీ ఇదే" అన్నారు. ఇది సరైన లెక్కేనా? చేరిన నెలలోనే దీని గురించి గట్టిగా అడగొచ్చా?

లెక్క_26
28 కాదు, 30 కాదు. చట్టం చెప్పేది 26. నాలుగు ఆదివారాలు తీసేస్తే పని రోజులు మిగిలేవి అన్నే. మా నాన్నగారు రిటైరైనప్పుడు గ్రాట్యుటీ కూడా 26తోనే భాగించి ఇచ్చారు. 45,000ని 26తో భాగించి 13తో గుణించండి, సరిగ్గా 22,500 వస్తుంది. మీకు మూడు వేలు తక్కువ ఇచ్చారు. గట్టిగానే అడగండి.

సాయంత్రం_షిఫ్ట్
చేరిన నెలలోనే 15 రోజులు సెలవు పెడితే కోత పడకుండా ఎలా ఉంటుందండీ? ప్రొబేషన్‌లో చాలా చోట్ల క్యాజువల్ లీవ్ కూడా ఇవ్వరు.

కూకట్‌పల్లి_కొత్తగా
సెలవు పెట్టలేదండీ. ఆ 15 రోజులు నేను ఇంకా చేరనే లేదు.

విజయవాడ_ప్యాకింగ్
నాకు చిన్న ప్యాకింగ్ యూనిట్ ఉంది. నేనూ 30తోనే భాగిస్తాను. మోసం చేద్దామని కాదు, అందరికీ అర్థమయ్యే లెక్క కావాలని. అసలు రోజులతో భాగిస్తే ఇదే 45,000 జీతగాడికి ఫిబ్రవరిలో ఒక్క రోజు రాకపోతే 1,607 కోత, మార్చిలో రాకపోతే 1,452. అదే మనిషి, అదే పని, రోజు విలువ నెలకో రకంగా ఎందుకు మారిందని అడిగితే నేనేం చెప్పను? 30 అంటే ఎప్పుడైనా 1,500. పైగా ఏడాదిలో 31 రోజుల నెలలు ఏడున్నాయి. ఈవిడే జనవరి 16న చేరి ఉంటే 16 రోజులకు నా లెక్కలో 24,000 వచ్చేది, 31తో భాగిస్తే 23,226 మాత్రమే. ఫిబ్రవరి ఒక్కటీ చూసి యజమానులందరినీ అనకండి.

పేరోల్_బల్ల
పేరోల్ పని చేసేదాన్ని, నాకు తెలిసింది చెబుతాను.

ముందు 26 సంగతి. గ్రాట్యుటీ నియమాల్లో 26 ఉన్న మాట నిజమే, కానీ అది గ్రాట్యుటీ లెక్కకు పెట్టింది. నెల మధ్యలో చేరినవాళ్ల జీతాన్ని 26తో భాగించాలని అందులో లేదు. అదీకాక 26 అనేది ఆదివారాలు తీసేసిన అంకె. మరి పైన పెట్టిన 13లో 22వ తేదీ ఆదివారం కలిసే ఉంది. కింద ఆదివారాలు తీసేసి పైన ఉంచితే లెక్క ఉద్యోగి వైపు వాలుతుంది. తీసేస్తే 12 రోజులు, 20,769 రూపాయలు. దీనికి ఉల్టా తప్పు ఇంకా ఎక్కువగా చూస్తుంటాను: కింద 28 పెట్టి, పైన మాత్రం ఆఫీసుకు వచ్చిన రోజులే లెక్కపెట్టడం. అప్పుడు ఉద్యోగికి వారాంతాల డబ్బు పోతుంది. పైన ఏ రకం రోజులు లెక్కపెడితే కిందా అవే ఉండాలి.

ఇక 30. ఏ లెక్కనైనా నేను ఒకే ఒక్క పరీక్ష పెడతాను. ఒకే కుర్చీలో ఫిబ్రవరి 15 దాకా ఒకరు పనిచేసి వెళ్లారు, 16న ఇంకొకరు చేరారు, ఇద్దరి జీతమూ 45,000 అనుకోండి. కుర్చీ ఒక్క రోజూ ఖాళీగా లేదు, కాబట్టి ఇద్దరికీ ఇచ్చింది కలిపితే 45,000 రావాలి. 28తో భాగిస్తే 24,107, 20,893, సరిగ్గా సరిపోయింది. 30తో భాగిస్తే 22,500, 19,500, కలిపి 42,000. మూడు వేలు ఎవరి చేతికీ అందలేదు. పాత చెల్లింపుల్లో వెళ్లినవాళ్లదీ వాళ్ల చోట చేరినవాళ్లదీ పక్కపక్కన పెట్టి చూస్తే ఈ తేడా ఇట్టే బయటపడుతుంది.

విజయవాడ_ప్యాకింగ్
31 రోజుల నెలలో కుర్చీకి 46,500 ఇస్తానుగా మరి? అది ఎవరి జేబులోంచి పోతోంది?

పేరోల్_బల్ల
మీ జేబులోంచే పోతుందండీ, అదీ తప్పే. ఫిబ్రవరిలో చేరినావిడకు పడిన నష్టాన్ని జనవరిలో చేరినాయనకు వచ్చిన లాభం పూడ్చదు కదా. ఏ ఉద్యోగి అయినా ఒక కంపెనీలో చేరేది ఒక్కసారి, మానేసేది ఒక్కసారి.

30లో ఇంకో చిక్కుంది. అది ఒక లెక్క కాదు, రెండు. చేసిన రోజులకు కూడుతూ రావచ్చు, చేయని రోజులకు కోస్తూ రావచ్చు. ఈవిడ విషయమే చూడండి:

```
45000 * 13 / 28         = 20892.86
45000 * 13 / 30         = 19500.00
45000 - 45000 * 15 / 30 = 22500.00
```

రెండోదీ మూడోదీ రెండూ "30తో భాగించడమే". మధ్యలో తేడా మూడు వేలు. చాలా చోట్ల చేరినవాళ్లకు కూడుతారు, సెలవు పెట్టినవాళ్లకు కోస్తారు, రెండింటినీ ఒకే పాలసీ అంటారు. కోత పద్ధతిని నెలాఖరుకు తీసుకెళ్తే ఇంకా విడ్డూరం. జనవరి 31న చేరిన మనిషికి 30 రోజులు కోస్తే మిగిలేది సున్నా. ఒక రోజు పనిచేసి సున్నా. ఫిబ్రవరి 28న చేరితే 27 రోజులు కోస్తారు, ఒక రోజు పనికి మూడు రోజుల జీతం.

మీ బాధ ఒక రోజు సెలవు కోత గురించి. దానికి 30 ఉంచుకోండి, నాకేం అభ్యంతరం లేదు. చేరిన నెలకూ మానేసిన నెలకూ మాత్రం ఆ నెలలో ఉన్న రోజులతోనే భాగించండి.

లెక్క_26
అలాగైతే కనీస వేతనాల రోజు కూలిని నెలసరికి మార్చేటప్పుడు 26 ఎందుకు వాడతారు? గ్రాట్యుటీకి మాత్రమే అనడం సరికాదు.

పేరోల్_బల్ల
అక్కడా వాడతారు, ఒప్పుకుంటాను. అక్కడ కూడా వారపు సెలవు తీసేసి పని రోజులు లెక్కపెడతారు. ఆరు రోజుల పనివారం ఉన్న యూనిట్‌లో పైనా కిందా పని రోజులే పెడితే నేనూ కాదనను. కానీ ఈ ఫిబ్రవరిలో ఆదివారాలు పోను ఉన్నవి 24 రోజులే. 26 పెడితే 30కి వచ్చిన జబ్బే దానికీ వస్తుంది.

ఖజానా_రిటైర్డ్
నేను ట్రెజరీలో పనిచేసి రిటైరయ్యాను. ప్రభుత్వంలో ఇంత చర్చ లేదమ్మా. నెల మధ్యలో చేరినా, బదిలీ మీద వెళ్లినా, ఆ నెలలో ఎన్ని రోజులుంటే అన్నిటితోనే భాగిస్తాం. ఫిబ్రవరి బిల్లు 28తో, లీపు సంవత్సరమైతే 29తో. బదిలీ అయిన మనిషికి రెండు ఆఫీసులు బిల్లు పెడతాయి కాబట్టి ఆ రెండూ కలిపితే నెల జీతానికి సరిపోవాలి. పైన పేరోల్ అమ్మాయి చెప్పిన పరీక్ష మాకు ప్రతి బదిలీలోనూ ఉండేది.

నోటీస్_అయిపోయింది
మానేసేటప్పటి సంగతి కూడా చెప్పండి. 2025 ఆగస్టు 29, శుక్రవారం నా ఆఖరి రోజు. జీతం 62,000. 31తో భాగించి 29 రోజులకు 58,000 ఇచ్చారు. మాది ఐదు రోజుల వారం. ఆ నెల సోమవారం నుంచి శుక్రవారం దాకా ఉన్న 21 రోజుల్లో (పదిహేనో తేదీ సెలవుతో కలిపి) ఒక్కటీ వదల్లేదు. నెల పని మొత్తం చేసిన మనిషికి నాలుగు వేలు ఎందుకు తగ్గాలి?

పేరోల్_బల్ల
మీ కంపెనీ వేసిన 31 లెక్క నా పరీక్షలో నెగ్గుతుంది, కానీ పని రోజుల లెక్క కూడా నెగ్గుతుంది. 21లో 21 అంటే మీకు పూర్తి 62,000. ఐదు రోజుల వారం ఉన్నచోట అదే ఎక్కువ న్యాయమని నా అభిప్రాయం. ఇబ్బంది ఏమిటంటే పండగ సెలవులను పని రోజుల్లో కలపాలో వద్దో, షిఫ్టుల్లో వారపు సెలవు మారేవాళ్లకు ఏ క్యాలెండర్ పెట్టాలో ముందే రాసుకోకపోతే ప్రతి నెలా తగువే. క్యాలెండర్ రోజులకు ఆ తలనొప్పి లేదు. కానీ దాని ధర మీలాంటివాళ్ల మీద పడుతుంది. రాజీనామా లేఖలోనే రిలీవింగ్ తేదీ ఆగస్టు 31 అని రాసి ఒప్పించుకుని ఉంటే ఈ తగువే వచ్చేది కాదు.

విజయవాడ_ప్యాకింగ్
దానికి నేను ఒప్పుకోను. శుక్రవారం తాళాలు అప్పజెప్పిన మనిషికి ఆదివారం దాకా జీతం ఎందుకివ్వాలి?

నోటీస్_అయిపోయింది
వారమంతా పనిచేసినందుకే ఆ ఆదివారం వస్తుంది సార్. ప్రతి నెలా ఇచ్చారు కదా, ఆఖరి వారం చేసిన పాపమేంటి?

ఖజానా_రిటైర్డ్
ఇది ముందు తేల్చుకోవాల్సిన విషయం. పని అప్పజెప్పిన తేదీ వేరు, ఉద్యోగ సంబంధం ముగిసిన తేదీ వేరు. జీతం రెండో తేదీ దాకా వస్తుంది. మీ కాగితంలో రెండో తేదీ ఏమని ఉందో చూడండి బాబూ.

నోటీస్_అయిపోయింది
రిలీవింగ్ లెటర్‌లో 29 అనే ఉంది. నేనూ చూసుకునే సంతకం పెట్టాను, అప్పుడు ఈ కోణం తట్టలేదు.

కూకట్‌పల్లి_కొత్తగా
అపాయింట్‌మెంట్ లెటర్ మళ్లీ చదివాను. "ప్రో రేటా" అని మాత్రమే ఉంది, 30 అన్న మాటే లేదు. ఇంకొకటి గమనించాను. వృత్తి పన్ను 150 కోశారు. మా టీమ్‌లో ఇంతే జీతం ఉన్నవాళ్లకు 200 కోస్తారు. ఇదీ తప్పేనా?

పేరోల్_బల్ల
అది తప్పు కాదు. తెలంగాణలో 15,000 దాటి 20,000 దాకా 150, ఆపైన 200. మీకు ఆ నెల ఇచ్చింది 19,500 కాబట్టి 150. వాళ్లు 28తో సరిచేస్తే 20,893 అవుతుంది, పన్ను 200 అవుతుంది. అంటే మీకు రావాల్సింది 1,393, అందులో 50 పన్నుకు పోతుంది. పీఎఫ్ ఉంటే దాని కోత కూడా కొంచెం మారుతుంది. బేసిక్, హెచ్ఆర్ఏ అన్నీ అదే నిష్పత్తిలో పెరగాలి, అంతా ఒక అలవెన్సులో పడేస్తే ఒప్పుకోకండి.

చట్టం పేరు చెప్పి బెదిరించొద్దు. చేరిన నెలకు ఇదే భాజకమని చెప్పే కేంద్ర చట్టం లేదు, ఒప్పందంలో ఉన్నదే ఆధారం. గైర్హాజరుకు మాత్రం, పని చేయాల్సిన కాలంలో రాని కాలం ఎంత నిష్పత్తో అంతకు మించి కోయకూడదన్న నియమం 1936 వేతనాల చెల్లింపు చట్టంలో ఉండేది, 2019 వేతన కోడ్‌లోనూ ఉంది. మీది గైర్హాజరు కాదు కనుక అది నేరుగా వర్తించదు. మీ లెటర్‌లో 30 లేదు, ఫిబ్రవరిలో 30 రోజులు లేవు. ఆ రెండు వాక్యాలూ, పైన రాసిన మూడు వరసలూ మెయిల్‌లో పెట్టి, "చేరిన నెలకు కూడుతున్నారా, కోస్తున్నారా, సెలవుకు ఏది చేస్తున్నారు" అని అడగండి.

విజయవాడ_ప్యాకింగ్
31న చేరితే సున్నా అన్నది నేనెప్పుడూ ఆలోచించలేదు. చేరినవాళ్లకు నేను కూడుతూ వస్తాను, సెలవుకే కోస్తాను కాబట్టి అది ఎదురుపడలేదు. చేరిన నెలకు అసలు రోజులు పెడతాను. సెలవు కోతకు మాత్రం 30 వదలను. ఆదివారం సంగతి నాకింకా ఒప్పుదల కాలేదు.

కూకట్‌పల్లి_కొత్తగా
మెయిల్ పంపాను. "ఫైనాన్స్‌తో మాట్లాడి చెబుతాం" అన్నారు. నాతోపాటు 16న చేరిన ఇంకో ఇద్దరి పేస్లిప్‌లలోనూ 13/30 అనే ఉంది. వాళ్లు కూడా విడివిడిగా మెయిల్ పెడుతున్నారు.