ఫోటోలో బార్‌కోడ్ 690తో మొదలవుతోంది, ఈ అజ్వా ఖర్జూరం చైనాదా?

శ్రీలత (మలక్‌పేట): బేగంబజార్‌లో ఖర్జూరం అమ్మే ఆయన వాట్సాప్‌లో అరకిలో డబ్బా ఫోటో పంపారు. ముందువైపు "మదీనా అజ్వా" అని ఉంది. బార్‌కోడ్ మీద ప్లాస్టిక్ మెరుపు పడి అంకెలు మసకగా ఉన్నాయి. పెద్దది చేసి చూస్తే 6901234567890 అని చదవగలిగాను. సౌదీకి 628 అంటారు కదా? డబ్బులు ఇంకా పంపలేదు.

(అసలు నంబరు తీసేసి, లెక్క అదే విధంగా తేలే నమూనా నంబరు పెట్టాను. అడ్మిన్)

మల్లేశ్: 690 నుంచి 699 దాక చైనానే అక్కా. డౌటే లేదు. 628 ఉంటెనే సౌదీది, 890 ఉంటె మనది. పైసలు పంపకు.

రఘురామ్: మల్లేశ్ చెప్పిన మూడు నంబర్లూ సరైనవే, వాటి నుంచి తీసిన తీర్పే సరికాదు. దాని సంగతి తర్వాత. శ్రీలత గారూ, ముందు మీరు చదివింది 6 అవునో కాదో తేలాలి. మసక ఫోటోలో 8, 6 ఒకేలా కనిపిస్తాయి. ఇక్కడ ఆ ఒక్క అంకె తేడాతో ఇండియా కాస్తా చైనా అయిపోతుంది.

తేల్చడానికి స్కానర్ అక్కర్లేదు. 13 అంకెల్లో చివరిది మిగతా 12 అంకెల లెక్కకు సరిపోయేలా వేసినది. ఎడమ నుంచి 1, 3, 5 ఇలా బేసి స్థానాల్లోని అంకెలను మామూలుగా కూడండి. 2, 4, 6 ఇలా సరి స్థానాల్లోని వాటిని కూడి 3తో గుణించండి. రెండూ కలిపితే చివర సున్నా రావాలి. మీ నంబరుకు:

```
6+0+2+4+6+8+0 = 26
(9+1+3+5+7+9) x 3 = 102
26 + 102 = 128
```

128 అంటే ఎక్కడో ఒక అంకె తప్పు చదివారు. మొదటి 6ను 8 చేసి చూడండి: 28, 102 కలిపి 130. సరిపోయింది. మిగతా పన్నెండూ మీకు స్పష్టంగా కనిపించి, అనుమానం మొదటిదాని మీదే ఉంటే, అది 8. అంటే 890.

శ్రీలత: మిగతావి స్పష్టంగానే ఉన్నాయండీ, మెరుపు మొదటి అంకె మీదే పడింది. ఒకవేళ ఆ అంకె అసలు కనిపించకపోతే?

రఘురామ్: అప్పుడూ దొరుకుతుంది. ఉన్న అంకెలతో 122 వస్తుంది, 130కి ఎంత తక్కువో అదే పోయిన అంకె, 8. పోయింది సరి స్థానంలోదైతే దాన్ని 3తో గుణించి చూడాలి, అప్పుడూ ఒక్కటే కుదురుతుంది. రెండు అంకెలు పోతే మాత్రం పది జతలు కుదురుతాయి, ఆ ఫోటో వదిలేయండి. ఇంకో లోపం: పక్కపక్కనున్న 1, 6 లాంటివి, అంటే తేడా 5 ఉన్నవి, తారుమారుగా రాసుకుంటే ఈ లెక్క పట్టుకోదు.

మొదటి అంకె విషయంలో ఇంకో జాగ్రత్త ఉంది. అది గీతల కింద కాకుండా ఎడమ పక్కన విడిగా ఉంటుంది. ఫోటో కత్తిరించినప్పుడు ముందుగా పోయేది అదే. ఈ నంబర్లో 8 పోతే 901తో మొదలైనట్టు కనిపిస్తుంది. 900 నుంచి 919 వరకు ఆస్ట్రియాది! అందుకే దేశం వెతికే ముందు 13 అంకెలు ఉన్నాయో లేదో లెక్కపెట్టండి. అమెరికా సరుకు మీద 12 అంకెలే ఉండొచ్చు, దానికి ముందు 0 చేర్చుకుని ఇదే లెక్క చేస్తే సరిపోతుంది. సరిపోకపోతే ఒక అంకె కత్తిరింపులో పోయినట్టు.

వీలైతే ఆయన్ని ఫోటో డాక్యుమెంట్‌గా పంపమనండి. మామూలుగా పంపితే వాట్సాప్ కుదించేస్తుంది, చిన్న అంకెలు అక్కడే దెబ్బతింటాయి.

పద్మజ: మా వీధి చివర సూపర్ మార్కెట్‌లో తూకం వేసి ఇచ్చిన ఖర్జూరం స్టిక్కర్ మీద 21తో మొదలైందండీ. 21 ఏ దేశం? ఇంటర్నెట్ జాబితాలో కనిపించట్లేదు.

రఘురామ్: ఏ దేశమూ కాదండీ. 200 నుంచి 299 వరకు దుకాణాలు తమ లోపల వాడుకోవడానికి వదిలేసినవి. సరుకు నంబరు, బరువో ధరో కలిపి ఆ తూకం మిషనే అచ్చేస్తుంది. ఇంకో దుకాణంలో అదే నంబరుకు అర్థం వేరు.

మల్లేశ్: సరే, 890 అనుకుందాం. మరి సౌదీది అని అమ్ముతుండు కదా. నా ఫోన్ల యాప్ కూడ ఇండియా జెండా చూపిస్తుంది. మోసమే కదా?

రఘురామ్: ఆ యాప్ చేసేది ఒక్కటే, మొదటి మూడు అంకెలు చూసి జెండా పెట్టడం. జీఎస్1 అనే సంస్థకు ఒక్కో దేశంలో ఒక్కో శాఖ ఉంది. 890 అంటే ఆ కంపెనీ ఇండియా శాఖ దగ్గర నంబరు తీసుకుందని అర్థం, అంతే. పండు ఎక్కడ పండింది, డబ్బాలో ఎక్కడ నింపారు అన్నది ఆ అంకెల్లో లేదు. హైదరాబాద్ కంపెనీ మదీనా నుంచి గుత్తగా తెప్పించి ఇక్కడ అరకిలో డబ్బాల్లో నింపితే 890 ఉండటమే సహజం. అదే సౌదీ కంపెనీ వేరే దేశపు ఖర్జూరం కొని తన డబ్బాలో అమ్మినా 628 ఉంటుంది. కాబట్టి 890 ఆయన మాటను అబద్ధమనీ చెప్పదు, 628 ఉన్నంత మాత్రాన నిజమనీ కాదు. పైగా బార్‌కోడ్ కూడా ముద్రే, నకిలీ డబ్బా మీద అసలు నంబరు వేయడం ఎంతసేపు?

నంబరు ఎవరి పేరున ఉందో జీఎస్1 వాళ్ల `Verified by GS1` పేజీలో కొట్టి చూడండి. అక్కడి కంపెనీ పేరు, డబ్బా మీద పేరు వేరైతే అడగాల్సిన ప్రశ్న దొరికినట్టే.

ఫాతిమా: ఇంపోర్ట్ సరుకు లేబుళ్లు రోజూ చూసే పని నాది. బార్‌కోడ్ పక్కన పెట్టి వెనక లేబుల్ అడగండి. దిగుమతి సరుకు మీద తయారైన దేశం పేరు, దిగుమతిదారు పేరు, చిరునామా ఉండాలి. 2011 నాటి ప్యాకేజ్డ్ కమోడిటీస్ రూల్స్ కింద అది తప్పనిసరి. ఇక్కడ డబ్బాలో నింపినంత మాత్రాన సౌదీ పండు ఇండియాది అయిపోదు, ఎందుకంటే పండు స్వభావం మారలేదు. అక్కడే 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు కూడా ఉంటుంది, దాన్ని బార్‌కోడ్ అనుకుని దేశం వెతకొద్దు.

రఘురామ్: గింజ తీసి బాదం కూరి, చాక్లెట్ పూస్తే?

ఫాతిమా: అది స్వభావం మారినట్టే అని నేనంటాను. ఒప్పుకోని వాళ్లూ ఉన్నారు. అజ్వా డబ్బాకు ఆ గొడవ లేదు.

శ్రీలత: వెనకవైపు ఫోటో వచ్చింది. ప్యాక్ చేసిన వాళ్ల చిరునామా హైదరాబాద్. దేశం పేరు ఉండాల్సిన లైను మీద సరిగ్గా ధర స్టిక్కర్ అంటించారు! అడిగితే దుకాణంలోని పెద్ద అట్టపెట్టె ఫోటో పంపారు. దాని మీద నంబరు 1628తో మొదలవుతోంది.

మల్లేశ్: 162 ఎవరిది మల్ల?

రఘురామ్: అట్టపెట్టె మీద 14 అంకెలు ఉంటాయి మల్లేశ్. మొదటిది పెట్టె ఏ రకం ప్యాకింగో చెప్పేది, దేశం చూడాల్సింది రెండో అంకె నుంచి. అంటే 628. నంబరు సౌదీ శాఖ నుంచి తీసుకున్నదే. గుత్తగా తెచ్చి ఇక్కడ నింపారన్న మాటకు ఇది పొసుగుతుంది. కానీ ఆ డబ్బాలో పండ్లు ఈ పెట్టెలోవే అనడానికి ఫోటోలో ఏమీ లేదు. స్టిక్కర్ అంటించని డబ్బా ఒకటి వెనకవైపు తీసి పంపమనండి.

శ్రీలత: అడిగానండీ. ఇంకా జవాబు రాలేదు.