వరద వల్ల ఆపిన పోస్టులు మళ్లీ ఎలా మొదలుపెట్టాలి?

విజయవాడలో ఒక చీరల షాపుకి ఇన్‌స్టాగ్రామ్ పోస్టులు నేనే చూస్తాను. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగిన రోజే, ముందుగా షెడ్యూల్ చేసిన "చవితికి ఆఫర్ల వరద!" పోస్టు దానంతటదే వెళ్లిపోయింది. కింద ఒకావిడ "మా ఇంట్లో నడుముల్లోతు నీళ్లున్నాయండీ" అని రాశారు. చదివి ఏడుపొచ్చింది. పోస్టు తీసేసి, ఆవిడకు క్షమాపణ చెప్పి, మిగతావన్నీ డ్రాఫ్టుల్లోకి మార్చాను. డబ్బు కట్టిన యాడ్‌ని యాడ్స్ మేనేజర్‌లో విడిగా ఆపాలని సాయంత్రానికి గానీ గుర్తు రాలేదు.

7న చవితి. ఓనరుగారు మళ్లీ మొదలుపెట్టమంటున్నారు, కాలనీల్లో నీళ్లు ఇంకా తీయలేదు. ముందు షాపు వేళలు, డెలివరీ ఎక్కడికి ఆగిందో మాత్రమే మామూలు మాటల్లో పెడదామనుకుంటున్నాను. ఆఫర్ క్యాప్షన్లకు ఎన్నాళ్లు ఆగాలి? ఇలాంటిది ఎదురైనవాళ్లు మొదటి పోస్టులో ఏం రాశారో చెప్తారా?